మాట పోయినవాడు, అర్థం పోయినవాడు

పదకొండో పేషెంటు దగ్గరికి వచ్చేసరికి నాకే నోరు పెగల్లేదు. శ్రీకాకుళంలో ఈ ఆసుపత్రి పక్షవాతం వార్డుకి స్పీచ్ థెరపిస్టుని నేనొక్కదాన్నే. రోజంతా మాట పోయినవాళ్ళ చేత మాట్లాడించి ఇంటికెళ్ళాక, ఎవరైనా పలకరిస్తే విసుగొస్తుంది.

ఆ పదకొండో పేషెంటు ఏడో మంచం మీది అప్పలసూరి, శ్రీముఖలింగం వైపు రైతు. కుడి చెయ్యి పడిపోయింది. ఎనిమిది రోజులుగా "నీల్లు", "వద్దు" తప్ప మాట లేదు. వద్దన్నప్పుడల్లా ఎవరో ఒకరు కంచం తీసేసేవారు. ఆ పక్కనే కూర్చుని అతని భార్య అసిరమ్మ ఫోన్లో అక్కతో చెబుతోంది.

"బుర్ర పోనాదే అప్పా. ఈడికేటీ తెలీదు. రేపు ఇంటికి పంపించేస్తే ఆల అన్న ఇంటికాడ ఒగ్గేస్తాను. నావల్ల కాదు."

ఆ మాట రోజూ అంటూనే ఉంది. నేనూ విన్నాను, అలిసిపోయి ఊరుకున్నాను.

ఫోన్ పెట్టేసి ఆమె ఎనిమిదో మంచం చూపించింది. "ఆ షావుకారుగోరిని సూడమ్మా, ఎంత బాగ మాటాడతన్నారో! ఈడి బతుకే ఇలగైపోనాది."

నాకు ఒళ్ళు మండింది. ఆమెను వెంటబెట్టుకుని అక్కడికి వెళ్ళాను. ఆ షావుకారు చంద్రమౌళికి విజయనగరంలో బట్టల కొట్టు ఉంది.

"చంద్రమౌళి గారూ, ముక్కు పట్టుకోండి."

"అలాగేనమ్మా, నిన్ననే సరుకంతా కుందిరం చేసి పైకి తీశాం, మీరేం కంగారు పడకండి." కుందిరమనే మాటే లేదు. చెయ్యి కూడా కదల్లేదు.

"మీ పేరు భాగ్యవతా?"

"అవునమ్మా, దానికేముంది!"

పక్కనున్న భాగ్యవతి ఆయన భార్య. "అన్నం తిన్నారా అనడిగితే కొట్టు సంగతి సెప్తారమ్మా," అంది నీరసంగా.

ఏడో మంచం దగ్గరికి తిరిగొచ్చాను. సైగ చేసినట్టు కాకుండా చేతులు వెనక్కి కట్టుకున్నాను. "అప్పలసూరీ, ముందు కిటికీ చూపించు, తర్వాత ముక్కు పట్టుకో."

ఎడమ చెయ్యి మెల్లగా లేచింది. కిటికీ చూపించాడు. ముక్కు పట్టుకున్నాడు.

అసిరమ్మ వైపు తిరిగాను. "షావుకారు గారికి ఎడమ చెవి పైన, కాస్త వెనకగా మెదడు దెబ్బతింది," అన్నాను. "వెర్నికే భాగం అంటారు. మాట ధారగా వస్తుంది గానీ అందులో అర్థం ఉండదు, మనం అన్నదీ బుర్రకెక్కదు. మీ ఆయనకి దెబ్బ తగిలింది ఎడమ నుదుటి వెనక, బ్రోకా అనే చోట. మాట కూడదీసుకోవాలి. మరీ మెలికలు తిరిగిన మాటైతే తడబడతాడేమో గానీ, మామూలుగా అన్నవన్నీ తెలుస్తాయి."

"అయితే నానన్నవి..." ఆమె మంచం అంచున కూలబడింది. "ఇన్నావేటి, మావా?"

అతని పెదవులు కదిలాయి. మాట అందించబోయి ఆగాను. చాలాసేపు పట్టింది.

"అన్న... ఇల్లు..." మెడ నరాలు బిగుసుకున్నాయి. "వద్దు."

ఎనిమిది రోజులుగా అంటున్నది అదే. మేం కంచాలు తీసేస్తూ వచ్చాం.