నలభై రెండు జవాబులు

"మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము. మీ ఫిర్యాదు మాకు అత్యంత విలువైనది."

ఈ రెండు వాక్యాలనీ రోజలిన్ ఎనిమిదేళ్లుగా రోజుకి వందసార్లు పంపుతోంది. పంపడమంటే రాయడం కాదు, బటన్ నొక్కడం. ఋషికొండ మీది అద్దాల ఆఫీసులో, ఒక ఫ్రిజ్‌ల కంపెనీ తరఫున తెలుగు చాట్లు చూసే పదకొండుమందిలో ఆమే అందరికంటే పాతది. ఫ్రిజ్ పాడై మండిపడుతున్న జనానికి పొద్దస్తమానం అలా చింతించీ చింతించీ, ఇంటికెళ్లాక మొగుడు హెన్రీ పలకరిస్తే "ఊఁ" అనడానికి కూడా ఆమెకు ఓపిక మిగిలేది కాదు.

ఏప్రిల్ మొదటివారంలో మేనేజర్ దేవీప్రసాద్ ఆమెను తన గదిలోకి పిలిచాడు. మనిషి మంచివాడే. కాకపోతే పైనుంచి ఏదైనా మెయిల్ వచ్చిన రోజున టీ కూడా సరిగా తాగలేడు.

"రోజలిన్ గారూ, మన తెలుగు డెస్కుకి స్టార్లు మరీ తక్కువొస్తన్నాయండి. ఐదుకి మూడు కూడా దాటట్లేదు. మన జవాబులు మరమనిషి మాటాడినట్టు ఉన్నాయంట. ఆ నలభై రెండు టెంప్లేట్లూ మీరు తిరగరాసీండి. మనిషి మాటాడినట్టుండాలి. రెండు నెలల్లో స్టార్లు పెరక్కపోతే ఈ డెస్కు ఎత్తేసి, బాట్ పెట్టేత్తారంట."

మరమనిషిలా ఉన్నాయని ఇప్పుడు తెలిసిందా ఈ మహానుభావులకి అనుకుంది రోజలిన్. ఇంగ్లీషులో ఎవరో రాసినదాన్ని ఇంకెవరో నిఘంటువు పక్కన పెట్టుకుని తెలుగు చేస్తే, ఎనిమిదేళ్లు తిట్లు తిన్నది మాత్రం తను. అయినా ఒప్పుకుంది. పదకొండు ఉద్యోగాలు, అందులో ఒకటి తనది.

పది రోజులు కూర్చుంది. మామూలు చాట్లు చూస్తూనే మధ్యమధ్య ఈ పని. మొదట్లో ఒళ్లు మండేది, తర్వాత తర్వాత కాస్త సరదా పుట్టింది. "మీ సహనానికి ధన్యవాదాలు" అన్నది కొట్టేసింది. సహనం ఎక్కడుంది వాళ్లకి, లేకే కదా మెసేజి పెట్టారు. "సాంకేతిక నిపుణుడు" పోయి "మెకానిక్" వచ్చాడు. "సంప్రదించగలరు" పోయి "ఫోన్ చేస్తాడు" వచ్చింది. జవాబు మొదట్లో ఫిర్యాదు నంబరు ఉండేది, దాన్ని కిందికి తోసి పైన మనిషి పేరు పెట్టింది. చివర్న కంపెనీ పేరు బదులు జవాబిచ్చిన వాళ్ల పేరు వచ్చేటట్టు చేసింది.

పంతొమ్మిదో నంబరు దగ్గర మాత్రం మధ్యాహ్నమంతా పోయింది. ఫ్రిజ్ పూర్తిగా ఆగిపోయిన వాళ్లకి పంపే జవాబది. పాతది ఇలా ఉండేది: "విడిభాగం లభ్యతను బట్టి, నలభై ఎనిమిది పనిగంటలలోగా మా సాంకేతిక నిపుణుడు మిమ్మల్ని సంప్రదించగలరు." చదువుతుంటే ఆమెకే ఆవలింత వచ్చింది. విడిభాగం లభ్యతను బట్టి అని ఏ తల్లికి పుట్టినవాడు మాట్లాడతాడు? ఆ ముక్క తీసేసింది. పనిగంటలూ తీసేసింది. చాలామందికి మర్నాడే మెకానిక్ వెళ్తున్నాడు కదా అని చివరికి ఇలా రాసింది:

"ఫ్రిజ్ ఆగిపోతే ఇంట్లో ఎంత కంగారుగా ఉంటుందో నాకు తెలుసండీ. మీరేం దిగులు పెట్టుకోకండి. రేపు మా మెకానిక్ వస్తాడు, నేను చూసుకుంటాను. అందాకా తలుపు తీయకుండా ఉంచండి, లోపలి చల్లదనం నిలబడుతుంది."

రాసినదాన్ని ఒకసారి పైకి చదువుకుంది. ఎనిమిదేళ్లలో ఆ సీట్లో కూర్చుని తను రాసిన మొదటి మంచిమాట అదేనేమో అనిపించింది. దేవీప్రసాద్ చదివి, "ఇదండీ, ఇదే కావాలి" అన్నాడు.

కొత్త జవాబులు మొదలై పది రోజులు గడిచాయి. స్టార్లు ఒక్కసారిగా పైకి లేచాయి. లేవవా మరి? చాట్ ముగిసిన మరుక్షణమే స్టార్లు ఇమ్మని అడుగుతుంది ఆ యంత్రం. మెకానిక్ వచ్చాడా, ఫ్రిజ్ బాగయిందా అన్నది దానికి పట్టదు. మంచిమాట విన్న వేడిలో జనం ఐదూ నొక్కేస్తున్నారు. దేవీప్రసాద్ ఆ రోజు డెస్కు మొత్తానికీ సమోసాలు తెప్పించాడు.

"బాగా వచ్చిన చాట్లు ఓ ఐదు ఏరి ఇవ్వండి రోజలిన్ గారూ. హెడ్డాఫీసుకి పంపాలి" అన్నాడు.

సమోసా తింటూ ఆమె ఐదు స్టార్ల చాట్లు తిరగేసింది. నాలుగు దొరికాయి. ఐదోది తెరిచింది. పేరు పైడితల్లి, ఉండేది జాలరిపేట. కింద స్టార్లతో పాటు ఒక మాట కూడా ఉంది: "అమ్మాయి బాగా మాటాడింది, దేవుడు సల్లగా సూడాలి." జవాబిచ్చింది రోజలిన్. నిన్న పొద్దున పదిన్నరకి. ఎంత గుర్తు చేసుకుందామన్నా ఆమెకి ఆ చాట్ గుర్తు రాలేదు. రోజుకి వందలో అదొకటి.

పైకి జరిపి మొదటి మెసేజి చదివింది. "పెద్ద ఐసుపెట్టి రాత్రి ఆగిపోనాది. వేటబందు సరుకంతా అందులోనే ఉన్నాది. ఏటి సెయ్యాలి."

రోజలిన్ సమోసా కింద పెట్టేసింది. ఆమె కూడా ఈ ఊళ్లో పుట్టిందే, వేటబందంటే ఏమిటో ఒకరు చెప్పక్కర్లేదు. ఏప్రిల్ మధ్యనుంచి జూన్ మధ్యదాకా బోట్లు సముద్రంలోకి వెళ్లకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలమది. ఆ రెండు నెలలూ అమ్ముకోడానికి ముందే చేపలు కొని ఫ్రీజరు పెట్టెలో దాచుకుంటారు ఆడవాళ్లు. పాడైతే మళ్లీ తెచ్చుకుందామన్నా రేవులో బోటు కదలదు.

వెంటనే ఫిర్యాదు వివరాలు తెరిచింది. మెకానిక్ పేరు ఉండాల్సిన చోట ఖాళీ. కింద చిన్న అక్షరాల్లో ఒక లైను: కంప్రెసర్ స్టాకు లేదు, చెన్నై నుంచి రావాలి, తొమ్మిది రోజులు. ఈ లైను నిన్న పొద్దున కూడా అక్కడే ఉంది. ఆమె చూడలేదు. పాత జవాబులో "విడిభాగం లభ్యతను బట్టి" అన్న ఆ నిర్జీవపు ముక్క ఒక్కటే నిజం చెప్పేది, దాన్ని తన చేత్తో తనే పీకి పారేసింది.

ఆఫీసు ఫోన్లోంచి కస్టమరుకి ఫోన్ చేయాలంటే అనుమతి కావాలి. అనుమతి కోసం అరగంట కూర్చునే ఓపిక ఆమెకి లేదు. తన సెల్ తీసుకుని మెట్ల దగ్గరికి వెళ్లింది.

"అమ్మా, పైడితల్లమ్మేనా? నాను రోజలిన్ని. ఐసుపెట్టి కంపెనీ నుంచి."

"నువ్వేనా తల్లీ. పొద్దుటేల నుంచి మీ మెకానిక్ కోసం గుమ్మంలోనే కూకున్నాను. ఎక్కడికొచ్చినాడేటి?"

రోజలిన్ గోడకి ఆనుకుంది.

"రాడమ్మా. సామాను నేదు. తొమ్మిది రోజులు పడతాది."

అవతల నుంచి అలల చప్పుడు వినిపిస్తోంది.

"రేపొత్తాడని రాసినావు గదమ్మా."

"రాసినాను. తప్పయిపోనాది. సరుకు ఇప్పుడే తీసి ఎక్కడన్నా ఐసులో ఎట్టీ అమ్మా. ఇప్పుడే."

"నిన్న ఐసు ఫేక్టరీ పైడయ్య సెప్పినాడు, అక్కడ సోటుంది, ఎట్టుకోమని. మెకానిక్ వొత్తాడు, ఆ అమ్మాయి సూసుకుంటానంది అనీసి నానే వద్దన్నాను. ఆ సోటు పొద్దున్న ఇంకోలకి ఇచ్చీసినాడు."

ఫోన్ పెట్టేసి ఆమె తిన్నగా దేవీప్రసాద్ గదిలోకి వెళ్లింది. అంతా చెప్పింది. పంతొమ్మిదో జవాబు ఈ నిమిషం నుంచి ఆపెయ్యాలంది.

"ఆపితే స్టార్లు..." అన్నాడాయన.

"ఆవిడ ఐదు స్టార్లిచ్చింది సార్. ఆ ఐదూ పట్టుకెళ్లి సంతలో అమ్ముకుంటాదా?"

దేవీప్రసాద్ కళ్లజోడు తీసి, కళ్లు గట్టిగా నలుపుకున్నాడు. ఆయనకీ ఇంట్లో ఇద్దరు పిల్లలు, నెలనెలా అప్పు వాయిదా. కంప్యూటరు తెర మీది స్టార్లకేసి చూసి, "రాసీండి. ఏదైతే అదయింది. హెడ్డాఫీసుకి నాను సెప్పుకుంటాను" అన్నాడు.

అక్కడే నిలబడి రాసింది. అందంగా రాయాలన్న ఆలోచనే రాలేదు. ముందు స్టాకు లైను చూడాలి, అది చూస్తే గానీ జవాబు పోకూడదు అని పెట్టింది. స్టాకు లేకపోతే వెళ్లే జవాబు ఇది: "మీ ఫ్రిజ్ బాగవడానికి కావలసిన సామాను మా దగ్గర లేదు. రావడానికి ఇన్ని రోజులు పడుతుంది. అందాకా ఆగకండి. లోపల ఉన్నవాటిని ఈ రోజే వేరేచోటికి మార్చుకోండి. సామాను వచ్చిన రోజున నేను ఫోన్ చేస్తాను." చివరి వాక్యం దగ్గర ఆగి, చేయగలనా అని తనని తనే అడిగింది. రోజూ ఎంతమందికి? లెక్క వేసుకుని, "ఫోన్ చేస్తాను" కొట్టేసి "మీకు మెసేజి వస్తుంది" అని మార్చింది. అది యంత్రం చేస్తుంది, తప్పకుండా చేస్తుంది.

సాయంత్రం డ్యూటీ దిగి బీచ్ రోడ్డు బస్సెక్కింది. కస్టమరు ఇంటికి వెళ్లకూడదు, తెలిస్తే ఉద్యోగం ఊడుతుంది. ఆ భయం కూడా పడలేనంత అలిసిపోయింది ఆమె.

జాలరిపేటలో ఇల్లు పట్టుకోవడం కష్టం కాలేదు, వాసనే చెప్పింది. గుమ్మం ముందు పట్టా పరిచి, మెత్తబడిన వంజరం చేపల్ని చీల్చి ఉప్పు దట్టిస్తోంది పైడితల్లి. అరవయ్యేళ్లుంటాయి. పక్కన చందువ చేపలు ఒక కుప్పగా పడున్నాయి. వాటికి ఉప్పేసినా లాభం లేదని చూస్తేనే తెలుస్తోంది.

"నాను రోజలిన్ని అమ్మా."

పైడితల్లి తలెత్తి చూసింది. తిడుతుందనుకుంది రోజలిన్, తిడితే బాగుండుననుకుంది. ఆమె ఉప్పు చేత్తోనే పక్కనున్న పీట చూపించింది. రోజలిన్ కూర్చోలేదు. చున్నీ నడుముకి బిగించి, ఉప్పు తట్ట దగ్గర గొంతుక్కూర్చుని ఒక చేప అందుకుంది. ఎక్కువ దట్టకు, చేదెక్కుతుంది అంటూ పైడితల్లి ఆమె చెయ్యి పట్టుకుని చూపించింది. కాసేపు ఇద్దరూ పనిలో పడ్డారు.

"ఓ మాట అడుగుతాను సెప్పు" అంది పైడితల్లి. "ముందు నెల కూడా ఓపాలి పెట్టి ఆగినాది. అప్పుడూ మీ కాడ నుంచి మెసేజొచ్చినాది. చింతిస్తన్నాం, గింతిస్తన్నాం అని. మా మనవరాలు సదివితే నవ్వీసి, ఈదిలోని మెకానిక్కుని పిలుచుకున్నాను. అది మిషన్ రాసినాదని తెలిసిపోతాది గదా. నిన్నటిది మట్టుకు మనిషే రాసినాదనుకున్నాను."

రోజలిన్ చేతిలో చేపని పట్టా మీద పెట్టింది.

"మనిషే రాసినాది అమ్మా. నానే రాసినాను."

పైడితల్లి ఇంకో వంజరాన్ని నిలువునా చీల్చి, లోపలిది గీకి పారేసింది.

"మిషన్ రాసుంటే బాగుణ్ను తల్లీ. నా సరుకు నాకు దక్కుణ్ను."