సున్నా నోటీసు

ఆఫీసు కంప్యూటర్‌లో ఇన్‌కమ్‌టాక్స్ నోటీసు చూసి హడలిపోయిన బావగారు, దాన్ని వంకరటింకరగా ఫోటో తీసి, ఆడిటర్ మరదలికి పంపి, వెంటనే ఫోన్ చేశాడు.

"ఇప్పుడేం చెయ్యాలి?"

"చూడనివ్వండి బావగారూ. ఎడమవైపు రిటర్నులో మీరు చెప్పిన లెక్క, కుడివైపు వాళ్లు వేసిన లెక్క. రెండూ..."

"అవన్నీ నాకెందుకు? ఇప్పుడేం చెయ్యాలి?"

"రెండూ ఒకటే. కట్టాల్సింది సున్నా, వెనక్కొచ్చేది సున్నా. ఏమీ చెయ్యక్కర్లేదు, దాచుకోండి చాలు."

బావగారు లబోదిబోమన్నాడు.

"సోదాకొస్తారని భయపడి, బీరువా వెనక దాచిన ఖరీదైన కెమెరా సంగతి మీ అక్కకి ఇందాకే ఫోన్లో చెప్పేశానే! ఇప్పుడేం చెయ్యాలి?"

మరదలు కడుపు పట్టుకుని నవ్వింది.

"దానికి మా చట్టంలో సెక్షన్ లేదు. ఈ వంకర ఫోటో మాత్రం అక్కకి చూపించకండి. అంత డబ్బు పోసి కెమెరా కొని నేర్చుకున్నది ఇదా అంటుంది!"