మైకు పట్టిన నిమిషం

నేను ఒక మైకును. నన్ను పట్టుకున్నవాడికి మైకం కమ్ముతుందని లోకంలో చెడ్డపేరుంది. అందులో నా తప్పేమీ లేదు. మైకం మనిషి వెంట తెచ్చుకుంటాడు, నేను దాన్ని నాలుగు వీధులకు వినిపిస్తానంతే.

ఢిల్లీ శివార్లలో ఒక రేకుల షెడ్డులో పుట్టాను. నా గొంతు తీగచుట్టను బిగించిన అమ్మాయి నన్ను పరీక్షించడానికి ఒక్కటే మాట అంది: "హలో". నా తొలి మాట అదే. తర్వాత పదిహేనేళ్ళు ప్రతివాడూ నాతో ఆ మాటే అని, జవాబు వినకుండా ఉపన్యాసం మొదలుపెట్టాడు. రైలెక్కి వచ్చి టెంటుహౌసు నూకరాజు చేతిలో పడ్డాను. అతను నన్ను పెళ్ళిళ్ళకు, పేరంటాలకు, ఎన్నికలకు, ఏడుపులకు అద్దెకు తిప్పాడు. ఓట్లడిగినవాడి ఉమ్మి నామీద పడింది, గెలిచాక అతని ఊసే లేదు. హరికథ దాసుగారి చిడతల దెబ్బకు నా జాలీ సొట్టపోయింది. అయినా గర్వంగానే బతికాను. ఏ సభలోనైనా అందరూ చెయ్యి చాచేది నాకోసమే.

స్టెతస్కోపును చూసేవరకూ అంతే.

రాతి క్రషర్ల పక్కన ఉన్న ఆ ఊళ్ళో బడి వరండాలో ఆరోగ్య అవగాహన శిబిరం. పొద్దున పదిగంటలు. శిబిరం నడిపేది సిస్టర్ దీవెనమ్మ, కోఆర్డినేటర్ నర్సు. ఆమె వెంట వచ్చిన డాక్టర్ నస్రీన్ మెడలో అది వేలాడుతోంది. నాలాగే నల్లతీగ. నాకు నోరుంటే దానికి చెవులు. నా మెడ పట్టుకుంటే నేను మాట్లాడతాను, అది మెడలో పడి ఊరేగుతుంది. జనం నావైపు చూడలేదు, దానివైపే చూశారు. నాకు ఒళ్ళంతా షార్ట్ సర్క్యూట్ అయింది.

దీవెనమ్మ నన్ను బల్లమీద పెట్టి డాక్టరమ్మ దగ్గరకు వంగింది. "మేడం, మీ పేరు నస్రీన్ అంటే చాలా, ఇంకేమైనా కలపాలా?"

"చాలు సిస్టర్. నా వివరాలు ఇందులో ఉన్నాయి" అని డాక్టరమ్మ రెండు పేజీలు ఇచ్చింది.

దీవెనమ్మ చదివి మడతపెట్టింది. "ఇవి మీ ఉద్యోగానికి పనికొస్తాయి మేడం. వీళ్ళకు మూడే కావాలి: మీరెవరు, ఏం చూస్తారు, ఎంతసేపు కూర్చోబెడతారు. టీబీ మాట నేను ముందు అనను. మీరు చెప్పేటప్పుడు, తగ్గుతుందన్న మాటతో కలిపి చెప్పండి. ఒట్టి పేరు చెవినపడితే లేచిపోతారు."

"ఎందుకంత భయం?"

"దగ్గుందని తెలిస్తే క్రషర్‌లో మేస్త్రీ రేపట్నుంచి రావద్దంటాడు. అదిగో, చివరి వరసలో స్తంభం పక్కన కొంగు నోటికడ్డం పెట్టుకుందే, పైడమ్మ. రెండు నెలల దగ్గు. నాలుగుసార్లు ఇంటికెళ్ళి బతిమాలాను. పేరు పెట్టి పిలవనని మాటిచ్చాకే వచ్చింది. ఇవాళ లేచిపోయిందంటే ఇక రాదు."

దీవెనమ్మ ఒక చీటీ వెనక నాలుగు ముక్కలు రాసుకుంది. నాలుగే. నాకు ఏడుపొచ్చింది. ఇంత గొంతున్న నాకు నాలుగు ముక్కలా? ఆ తర్వాత రోజంతా ఆ గొట్టానిదే రాజ్యమా?

నా మొర ఆలకించినట్టు యువజన సంఘం అధ్యక్షుడు చిట్టినాయుడు వచ్చి నన్ను ఎత్తుకున్నాడు. "సిస్టరుగోరూ, మన ఊరికొచ్చిన అతిథిని మనం పరిచయం సెయ్యకపోతే ఏటి మర్యాద?" అంటూ బల్లమీది రెండు పేజీలూ లాక్కున్నాడు. ఆ ఊళ్ళో అది ఆచారం: అతిథికి ముందు దండ, తర్వాత మనందరికీ దండన.

నిజం చెబుతున్నాను, నాకు ప్రాణం లేచొచ్చింది. చిట్టినాయుడు డిగ్రీలు చదివాడు. అన్ని డిగ్రీలు జ్వరానికుంటే రోగి బతకడు. పతకాలు, పత్రాలు, పత్రికలు చదివాడు. వేదికను అలంకరించమన్నాడు, అక్కడున్నది రెండు కుర్చీలు, ఒక మంచినీళ్ళ డ్రమ్ము. చివరికి ఛాతీ పొంగించి, "టీబీ రోగుల పాలిట దేవత, టీబీ స్పెషలిస్టు, ఇయ్యాల మన ఊళ్ళో టీబీ ఉన్నోళ్ళందర్నీ పట్టుకోడానికొచ్చిన డాక్టరమ్మగారు" అన్నాడు.

నేను ఆ మాటను క్రషర్ గేటుదాకా మోసుకెళ్ళాను.

ముందు వరసలో ఇద్దరు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "పట్టుకోడమేటే?" అంది ఒకామె. "పొయ్యిమీద అన్నం ఎట్టొచ్చాను" అంటూ ఇంకొకామె లేచింది. ఆమె వెనక ఆరుగురికి పొయ్యి గుర్తొచ్చింది. స్తంభం పక్క పైడమ్మ క్యారేజీ అందుకుంది.

దీవెనమ్మ చిట్టినాయుడి చేతిలోంచి నన్ను తీసుకుంది. "బాగా చెప్పావు బాబూ, కూర్చో." నా మీట ఆపి డాక్టరమ్మవైపు తిరిగింది. మీట ఆపితే నాకు గొంతే పోతుంది. చెవి పోదు.

"మేడం, జీపులో చెప్పారే మీ సంగతి. చెప్పొచ్చా?"

డాక్టరమ్మ ఒక్క క్షణం స్టెతస్కోపును పట్టుకుంది. "చెప్పండి."

మీట పడింది. దీవెనమ్మ పెద్ద బాకా పెట్టెకు దూరంగా పక్కకు జరిగి నిలబడింది. నేను కీచుమనడానికి వీల్లేకుండా.

"అమ్మా, అయ్యా, ఒక్క నిమిషం. తర్వాత వెళ్ళేవాళ్ళు వెళ్ళండి. ఈవిడ డాక్టర్ నస్రీన్ గారు. పట్నంలో పదకొండేళ్ళుగా ఊపిరితిత్తులే చూస్తున్నారు. దుమ్ములో పనిచేసేవాళ్ళ ఆయాసం, రెండు వారాలు దాటిన దగ్గు ఈవిడ చూస్తారు. టీబీ కూడా చూస్తారు, బాబు చెప్పింది అబద్ధం కాదు. పట్టుకోవడానికి మాత్రం రాలేదు. చదువుకునే రోజుల్లో ఈవిడకే టీబీ వచ్చింది. ఆరు నెలలు మాత్రలు వాడారు, తగ్గింది, ఇదుగో మీ ముందున్నారు. పన్నెండు నిమిషాలు మాట్లాడతారు. తర్వాత అందరం, దగ్గున్నా లేకపోయినా, ఒక్కొక్కరం ఆ గదిలోకి వెళ్ళి చూపించుకుంటాం. ముందు నేను, తర్వాత మన చిట్టినాయుడు. లోపల చెప్పింది లోపలే ఉంటుంది. డాక్టర్ నస్రీన్ గారు."

పేరుతో మొదలుపెట్టి పేరుతో ఆపింది. నేను ఇంకో ముక్క కోసం నోరు తెరుచుకునే ఉన్నాను.

చివరి వరసలో పైడమ్మ క్యారేజీ కింద పెట్టింది. పక్కామె, "డాట్టరమ్మకే వొచ్చిందటే" అంది. పైడమ్మ కూర్చుంది.

పన్నెండు నిమిషాల తర్వాత నన్ను ఆ గది కిటికీలో పడేశారు. దీవెనమ్మ వెళ్ళొచ్చింది, చిట్టినాయుడు చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చాడు, పదిహేడో మనిషిగా పైడమ్మ వెళ్ళింది. కిటికీలోంచి చూస్తున్నాను. స్టెతస్కోపు ఆమె వీపుమీద ఆనింది. "గట్టిగా పీల్చమ్మా." పైడమ్మ పీల్చింది. లోపల ఏం వినిపించిందో ఆ గొట్టానికే తెలుసు. లక్ష గొంతులు మోసిన నాకు ఒక్క ఊపిరి వినే యోగం లేదు. చేతికి చిన్న డబ్బా ఇచ్చి కఫం ఇప్పుడొకటి, రేపు పొద్దున లేవగానే ఒకటి పట్టమన్నారు. కుళ్ళుతో నాలోపల తీగ తుప్పుపట్టింది.

పైడమ్మకు పరీక్షలో టీబీ అని తేలిందని, మర్నాటినుంచే మాత్రలు మొదలుపెట్టారని నూకరాజు కొట్లో ఎవరో అంటుంటే విన్నాను. దీవెనమ్మ వెళ్ళి మేస్త్రీతో మాట్లాడిందట. కొన్ని వారాలకు డాక్టరమ్మ సరేనన్నాక పైడమ్మను పనిలోకి రానిచ్చాడట, దుమ్ము లేని చోటుకు.

ఎనిమిది నెలలకు అదే బడి, మళ్ళీ శిబిరం, మళ్ళీ డాక్టర్ నస్రీన్. దీవెనమ్మ నన్ను తుడిచి పట్టుకుని, "ఈసారి మేడంని పరిచయం చేసేది నేను కాదు. పైడమ్మా, రా" అంది.

పైడమ్మ లేచొచ్చింది. ఒంటికి కండపట్టింది, కొంగు భుజంమీదే ఉంది. నన్ను ఇవ్వబోతే చేత్తో పక్కకు నెట్టింది.

"నాకెందుకమ్మా ఇది. ఊపిరుంది."

అని, చివరి వరసకు, ఆ వెనక గోడకు, గోడ అవతల క్రషర్ గేటుకు వినిపించేలా మొదలుపెట్టింది. "ఈవిడ డాట్టర్ నస్రీనమ్మగారు."

ఇన్నాళ్ళూ ఒక గొట్టాన్ని చూసి కుళ్ళుకున్నాను. ఆ రోజు బల్లమీద పడుకుని, ఒక ఆడమనిషి ఊపిరితిత్తులను చూసి కుళ్ళుకున్నాను.