ఇత్తడి జిప్పు

ఆ మధ్యాహ్నం కాట్రేనికోనలో నా కుట్టుమిషను దగ్గరికి ఇద్దరు వచ్చారు. ఒకరు కానిస్టేబుల్ దుర్గాశ్రీనివాస్. రెండో మనిషి మా పక్కింటి రెబెకా. ఆమె భర్త రాజేంద్ర చేపల వేటకెళ్లిన పడవ తిరగబడి పదకొండు రోజులైంది. మిగతా ఇద్దరూ ఈది ఒడ్డుకొచ్చారు. అతను రాలేదు.

"కిందవైపు ఒడ్డుకి ఓ శవం కొట్టుకొచ్చిందండి, సీతారత్నంగారూ. మొహం పోల్చుకునేలా లేదు. ఒంటిమీద ప్యాంటొకటే మిగిలిందంట. అక్కడి స్టేషనోళ్లు దాని ఫొటో పంపేరు. ఈవిడేమో మా ఆయనది కాదంటన్నారు," అన్నాడు కానిస్టేబుల్.

"కాదండి పిన్నిగారూ," అంది రెబెకా. "ఆయన నల్లప్యాంటుకి ఇత్తడి జిప్పు. నేనే కొన్నాను కదండీ, క్రిస్మస్‌కి. కంప్లయింటులో కూడా అదే రాయించేను."

"మట్టిలో నాకేమీ తెలీట్లేదండి," అన్నాడు కానిస్టేబుల్. "బటన్ ఊడితే మా ఆవిడే కుడతాది, నేను చూసిందీ లేదు. ఇది ఇత్తడిదా, నైలాన్‌దా, అది చెప్పండి చాలు. కాదంటే రేపు పొద్దున్న దిక్కులేని శవం కింద పూడ్చేస్తారు."

ఫోన్ నా చేతికిచ్చాడు. కళ్లజోడు పెట్టుకుని ఫొటోని వేళ్లతో పెద్దది చేశాను. ప్యాంటు ముందుభాగం విప్పి తెల్ల గుడ్డ మీద పరిచారు. ఇత్తడి జిప్పు పళ్లు విడివిడిగా, ఒక్కోటీ గుడ్డపట్టీ అంచుని కరిచి పట్టుకుని ఉంటాయి. ఇక్కడ విడి పళ్లు లేవు. ఒకే తీగ సన్నగా చుట్లు చుట్లుగా మెలిదిరిగి ఉంది. దాన్ని గుడ్డపట్టీకి పట్టి ఉంచే కుట్టు కూడా మట్టి రాలిన చోట కనిపిస్తోంది.

"నైలాన్‌దే బాబూ," అన్నాను.

రెబెకా నా మిషను బల్ల పట్టుకుని ఊపిరి వదిలింది. "చెప్పేనా అండీ. వేరే ఎవరో పాపం." పదకొండు రోజుల తర్వాత ఆమె ముఖంలో కళ కనిపించింది. "ఆయన ఎక్కడో ఏ పడవోళ్లకో దొరికుంటాడు. ఫోన్ తడిసిపోయుంటాది, అంతే."

"సరే అయితే, మ్యాచ్ అవ్వలేదని రాసేస్తాను," అని కానిస్టేబుల్ చెయ్యి చాపాడు.

నేను ఫోన్ ఇవ్వలేదు. అడిగినదానికి నిజమే చెప్పాను. కానీ ఆ నిజంతో అబద్ధం రాయబోతున్నారు.

పోయిన వానాకాలం రాజేంద్ర ఆ ప్యాంటు చంకలో పెట్టుకుని వచ్చాడు. ఉప్పునీటికి జిప్పు బిగుసుకుపోయింది. "సముద్రానికి వేసుకెళ్లొద్దని మరీ మరీ చెప్పిందండి. తెలిస్తే నాకు కూడు పెట్టదు. మీరు మార్చెయ్యండి, దానికి మాత్రం చెప్పకండి," అన్నాడు. "కూడు నేను పెడతాన్లే," అన్నాను. నవ్వాడు. ఇత్తడిది దొరక్క నైలాన్ జిప్పు వేశాను. నడుం దగ్గర హుక్కు బాగానే ఉంది, అది తగిలే చిన్న ఇనప పట్టీ ఊడిపోయింది. కంపెనీ పట్టీకి కుట్టు ఉండదు, గుడ్డలోకి దిగి వెనక మడిచిన కొక్కాలే పట్టుకుని ఉంటాయి. నా దగ్గర రెండు చివరలా చిల్లులున్న కుట్టుపట్టీ ఉంది. నల్లదారం అయిపోతే కాఫీరంగు దారంతో కుట్టాను. ఒక చిల్లుకి ఐదు చుట్లు, రెండోదానికి మూడే. దారం చాల్లేదు. పైన గుడ్డ కప్పేస్తుంది, ఎవరు చూస్తారనుకున్నాను.

ఫొటోని నడుం దగ్గరికి జరిపాను. హుక్కు దగ్గర దారం లేదు. ఎదురుగా పట్టీకి మాత్రం రెండు వైపులా దారం ఉంది. నల్లగా లేదు. చుట్లు లెక్కపెట్టాను. మళ్లీ లెక్కపెట్టాను. ఒకవైపు ఐదు, రెండోవైపు మూడు.

"ఏంటండీ పిన్నిగారూ?" అంది రెబెకా.

"కూర్చో అమ్మా."

"ఎందుకండీ?"

"ఈ జిప్పు వేసింది నేనే."

ఆమె కూర్చోలేదు. జరిగిందంతా చెప్పాను. చుట్లు చూపించాను.

"మీరు పొరబడ్డారేమోనండి. నల్లప్యాంట్లు ఎంతమందికి ఉండవు," అంది రెబెకా. ఆమె గొంతు మామూలుగానే ఉంది. "ఆయన నా దగ్గర ఏదీ దాచడండి."

నేను లేచి గుండీల డబ్బా తెచ్చాను. ఊడదీసినవి ఏవీ పారెయ్యను. అడుగున ఆ ఇత్తడి జిప్పు ఉంది. ఉప్పు పట్టి పచ్చబడింది. రన్నర్ సగంలో ఆగిపోయి ఉంది.

రెబెకా దాన్ని అరచేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. తర్వాత రన్నర్ పట్టుకుని లాగింది. రెండు చేతులతో గట్టిగా లాగింది.

"కదలట్లేదండి," అంది.

"కదలదమ్మా. అందుకే మార్చేను."

ఆమె అలాగే లాగుతూ ఉంది.