తొట్టి ఎండిపోయింది

సాయంత్రం నాలుగు లోపల ప్రగతి నివేదిక పరిశోధన కమిటీ ఆఫీసులో ఉండాలి. లేకపోతే వచ్చే నెలాఖరుతో ఆమె పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్ రద్దు.

మూడు దాటింది. ఆమె ల్యాబులో కంప్యూటర్ ముందు కూర్చుని “పూర్తయిన పని” కింద మూడో అంశం టైపు చేసింది: ఉప్పునీళ్ళలో కాంక్రీటు దిమ్మెల పరీక్ష, పూర్తి.

పూర్తి కాలేదు. ఏడాదిపాటు దిమ్మెలు నీళ్ళలో మునిగి ఉండాలి, లోపలి ఇనుప చువ్వకి తుప్పు ఎలా పడుతుందో నెలనెలా కొలవాలి. ఏడో నెల చివర్లో, సెలవుల్లో, వాల్వు కారి తొట్టి ఎండిపోయింది. ఎండితే గాలి చొరబడి తుప్పు తీరే మారిపోతుంది. పాత రీడింగులు దండగ. కొత్త దిమ్మెలు పోసి నీళ్ళలో దించి రెండు నెలలే అయింది.

“పూర్తయిందని రాసెయ్యమ్మా,” అన్నాడు పొద్దున గైడు. “వెనకబడ్డట్టు కనిపిస్తే కమిటీ కన్నెర్ర చేస్తుంది.”

తరవాతి గడి “సవరించిన కాలపట్టిక”. పది నెలల పొడిగింపు కోరుతున్నాను అని రాసింది.

వెనకనుంచి జూనియర్ తొంగి చూశాడు. నోరు మూతపడదు కాబట్టి ల్యాబంతా అతన్ని రేడియో అంటారు.

“అక్కా, పని అయిపోయిందన్నావు, మళ్ళీ పది నెలలెందుకు? భోజనం చేశాను, ఆకలేస్తోంది అన్నట్టుంది.”

ఆమె వేళ్ళు ఆగిపోయాయి. పై గడి కింది గడి గొంతు పిసుకుతోంది. పనంతా అయిందంటే పొడిగింపు ఇవ్వరు, నెలలో థీసిస్ తెమ్మంటారు. ఏం తెస్తుంది?

“పూర్తి” చెరిపేసి, జరిగింది జరిగినట్టు రాసి, కాగితాలు ముద్రించుకుని గైడు గదికి పరిగెత్తింది.

ఆయన చదివాడు. మొహం పాలిపోయింది.

“తొట్టి ఎండింది పోయినసారి నివేదికకి ముందే కదా. అందులో ‘సంతృప్తికరం’ అని రాసి సంతకం పెట్టాను. ఇప్పుడిది ఇస్తే నా మెడకు చుట్టుకుంటుంది.”

“నేను అప్పుడే చెప్పాను సార్. చూద్దాంలే అన్నారు.”

“అన్నాను. ఇప్పుడు మాత్రం పూర్తయిందనే ఉంచు.”

“నెలలో థీసిస్ అడిగితే?”

ఆయన కిటికీకేసి చూశాడు. “ఏడు నెలల రీడింగుల గీత ఉంది. ఎటు పోతోందో నీకు తెలుసు. మిగతా ఐదు నెలలూ దాని వెంటే పొడిగించు.”

“కొలవకుండానా?”

ఆయన కాగితాలు ఆమె వైపు తోశాడు. ఆమె వాటిని చేతిలోకి తీసుకుంది. నాలుగేళ్ళ చాకిరీ. ఇంట్లో అత్తగారు రోజూ అడుగుతుంది, “ఇంకా ఎన్నాళ్ళే నీ బడి?” అని.

“ఇదే ఇస్తాను సార్. మీ సంతకం గడి ఖాళీగా ఉంటుంది. ఎందుకని అడిగితే చెప్తాను.”

“బెదిరిస్తున్నావా?”

“భయపడుతున్నాను సార్. మీకన్నా ఎక్కువే.”

ఆయన చెయ్యి చాపి కాగితాలు తీసుకుని మళ్ళీ చదివాడు. చివరికి పెన్ను తీశాడు. సంతకం తడి ఆరకుండానే ఆమె మెట్లు దిగింది. ఆఫీసు గుమస్తా గడియారం చూసి, ముద్ర కొట్టాడు.

మర్నాడు కమిటీ గదిలో అధ్యక్షురాలు ఆ పేజీ మీద వేలు పెట్టింది.

“ఇది పోయినసారి ఎందుకు లేదు?”

ఆమె నోరు తెరిచేలోపల గైడు అన్నాడు, “నేనే నొక్కిపెట్టాను.”

పక్కనున్న సభ్యుడు కళ్ళజోడు తీసి ఆయన్ని ఎగాదిగా చూశాడు. ఆ చూపు తిట్టినదానికన్నా ఘోరంగా ఉంది.

“పది నెలలు కుదరదు,” అంది అధ్యక్షురాలు. “ఆరు. ఆఖరి పొడిగింపు. ఆరు నెలల్లో తేలే పరిశోధన ప్రశ్నే పెట్టుకోండి. థీసిస్ పేరులో ‘ఏడాది’ ఉంది, అదీ మార్చాలి, దానికి వేరే దరఖాస్తు. కొత్త కాలపట్టిక ఈరోజే ఇవ్వండి.”

ల్యాబులో రేడియో ఎదురొచ్చాడు. ఆమె మొహం చూసి మొదటిసారి నోరు మూసుకున్నాడు.

ఆమె టైపు చేసింది: రీడింగులు నాలుగు నెలలు, రాత రెండు నెలలు.

గైడు వచ్చి పక్క స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

“నేను చదివి దిద్దడానికి నెల పడుతుంది. అది లేదు ఇందులో.”

“పెడితే కొలవడానికి మూడే మిగులుతాయి సార్. అయిపోయిన రెండూ కలిపితే ఐదు.”

“తెలుసు.”

“ఐదు నెలల్లో తుప్పు మొదలవుతుందా?”

“మొదలవకపోవచ్చు.”

ఆమె నాలుగు చెరిపి మూడు కొట్టింది. కింద రాసింది: గైడు పరిశీలన, ఒక నెల.