రెండుసార్లు గుర్తొచ్చిన మాట

మా చెల్లెలు రోజూ పొద్దున పదింటికి ఫోను ముందు కూర్చుని కుండీ మొక్కల గురించి లైవ్‌లో మాట్లాడుతుంది. బావగారు పోయాక మా ఇంట్లోనే ఉంటోంది. నాతో మాటలు తక్కువ. లైవ్‌లో చెప్పేదంతా, పలకరింపు నుంచి సెలవు తీసుకోవడం దాకా, నేనే రాసి ఇచ్చేవాణ్ణి.

ఆ సోమవారం ఎవరో మధ్యలో ఒక సందేహం అడిగారు. జవాబు చెప్పి కాగితం వైపు చూసేసరికి వరుస తప్పింది. "అన్నట్టు, ఇప్పుడే గుర్తొచ్చింది" అని నవ్వింది. నిమిషం క్రితం కూడా అదే మాట, అదే నవ్వు. నవ్వమని పక్కన రాసింది నేనే.

"అక్కా, గుర్తొచ్చిందే మళ్లీ గుర్తొచ్చిందా?" అని ఒకరు రాశారు. చూసేవాళ్లు సగం మంది వెళ్లిపోయారు. ప్రకటన ఇచ్చే మొక్కల మందుల కంపెనీ ఆయన ఫోన్ చేసి, శుక్రవారం దాకా చూసి, ఇలాగే ఉంటే మానేస్తామన్నాడు. ఆ గంట తప్ప ఆమెను పలకరించే మనుషులు లేరు. అదీ పోతే ఎలాగని నా దిగులు.

మధ్యాహ్నం ఆమే అడిగింది. "అన్నయ్యా, నీ వాక్యాలు బాగుంటాయి. కానీ చదువుతుంటే నా కళ్లు కాగితం వెంట పరిగెడతాయి, అందరికీ కనిపిస్తాయి. నాకు గుర్తులు చాలు."

చిన్నబుచ్చుకున్నాను. అయినా రాశాను. అట్ట ముక్క మీద పెద్ద అక్షరాలతో ఐదు గుర్తులు, ఒక్కోటి రెండు మూడు మాటలు. మొదటి వాక్యం, కంపెనీ వాళ్ల మాట, లీటరు నీళ్లకు ఎంత మందు కలపాలో ఆ కొలత, ఇవి మాత్రం తప్పకూడదని పూర్తిగా రాశాను. అట్టను ఫోను కెమెరా పక్కనే నిలబెట్టాం.

మర్నాడు పక్క గదిలో కూర్చుని నా ఫోనులో చూశాను. మూడో గుర్తు: "ఎండిన మొక్క". కొమ్మ గోరుతో గీకి చూడాలి, లోపల పచ్చగా ఉంటే బతికున్నట్టే, అని చెబుతుందనుకున్నాను. చెప్పింది. తర్వాత ఆగింది.

"మా ఆయన పెట్టిన మొక్క ఒకటుంది. గీకి చూడ్డానికి ఇన్నాళ్లూ భయమేసింది. చూడనంత కాలం బతికే ఉంటుంది కదా."

ఎవరూ వెళ్లలేదు. తమ ఇళ్లలోని కుండీల గురించి ఒక్కొక్కరే రాయసాగారు. శుక్రవారం కంపెనీ ఆయన, ఇలాగే కానివ్వమన్నాడు.

గోడకు అటువైపున్న మనిషి మనసు నాకు ఫోనులో తెలిసింది. భోజనం దగ్గర ఆ మాట ఎత్తబోయాను. కూర అందించాను.

శనివారం పొద్దున పూజలో స్తోత్రాల పుస్తకం తెరవబోయి ఆగాను. ముప్పై ఏళ్లుగా అవే మాటలు చదువుతున్నాను. నా కళ్లు పరిగెత్తడం దేవుడు కూడా చూస్తూనే ఉన్నాడేమో. పుస్తకం పక్కన పెట్టి, చెప్పుకోవలసినవి మూడు తలచుకున్నాను. మొదటిది చెల్లెలు.

దీపం కొండెక్కేదాకా కూర్చున్నాను. ఒక్క వాక్యం కూడా రాలేదు.