బెరిల్ నోరు కట్టేసుకున్న విచారణ

ఇంగ్లండ్‌లోని గ్రిమ్స్‌బీ చేపల ఫ్యాక్టరీలో బెరిల్ స్టోక్స్ పదకొండేళ్లుగా యూనియన్ ప్రతినిధి. మేనేజర్లు విచారణకు పిలిచిన కార్మికుడి పక్కన తోడుగా కూర్చోవడం ఆమె పని. ఆమెకు నోరెక్కువని మేనేజర్లు అంటారు. అది నిజమే, అందుకామె ఏనాడూ సిగ్గుపడలేదు.

ఆ మంగళవారం ఆమె పక్కన కూర్చున్నవాడు రస్సెల్. అనుమతి లేకుండా ఎర్ర బటన్ నొక్కి చేపలు కదిలే బెల్టు లైను ఆపేశాడని, బోలెడు సరుకు పాడైందని అభియోగం. రుజువైతే ఉద్యోగం ఊడుతుంది. రస్సెల్‌కు నత్తి. కంగారు పడితే మాట గొంతులోనే చిక్కుకుపోతుంది.

ఎందుకు ఆపావని మేనేజర్ గార్‌ఫిట్ అడిగాడు. రస్సెల్ పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. బెరిల్ ఆగలేక, చేతులు లోపలికి పోకుండా బెల్టుకుండే గార్డు ఊడిపోయిందని తనే మొదలుపెట్టేసింది.

"ఆగండి. అతని తరఫున వాదించండి, కాదనను. ప్రశ్నకి జవాబు మాత్రం అతని బదులు మీరు చెప్పకూడదు. ఈ రూలు మీకు నేను చెప్పాలా?" అన్నాడు గార్‌ఫిట్.

బెరిల్‌కు ఒళ్లు మండింది. తప్పు తనదే కావడంతో ఇంకా మండింది. కొత్త ప్రతినిధులకు ఆ రూలు నేర్పేది తనే మరి. పది నిమిషాలు విరామం అడిగి రస్సెల్‌ను బయటికి తీసుకెళ్లింది.

తన వల్ల కాదని, ఆమే రాసిస్తే తల ఊపుతానని అతను సైగ చేశాడు.

"నేను రాస్తే అది నీ మాట అవదు నాయనా. ఎంతసేపైనా పట్టనీ, నువ్వే చెప్పు. నిన్నెవరూ తొందరపెట్టకుండా నేను చూసుకుంటా."

లోపలికి రాగానే, రస్సెల్‌కు నత్తి ఉందని, కావలసినంత సమయం ఇవ్వాలని ఆమె విచారణ నోట్సులో రాయించింది. గార్‌ఫిట్ మళ్లీ అడిగాడు. రస్సెల్ మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయాడు. కాసేపటికి గార్‌ఫిట్ సహనం నశించింది.

"కంగారుపడి నొక్కేశావు. అంతేగా?"

నోట్సు రాసే అమ్మాయి పెన్ను కదిలింది.

"అతని బదులు మీరూ జవాబు చెప్పకూడదు సార్," అంది బెరిల్. "అమ్మాయీ, అది మేనేజర్ గారి మాట అని రాయి."

గార్‌ఫిట్ ముఖం ఎర్రబడింది. రస్సెల్ మళ్లీ మొదటి అక్షరంతో కుస్తీ మొదలుపెట్టాడు. జవాబు నాలుక చివరే ఉన్నా బెరిల్ పళ్లు బిగబట్టి కూర్చుంది. జీవితంలో అంత కష్టమైన పని ఆమె చేయలేదు.

"గా... గార్డు ఊడింది," అన్నాడు రస్సెల్. "సూపర్‌వైజర్‌కి రెం... రెండుసార్లు చెప్పా. నా పక్కన పనిచేసే హేజెల్ చెయ్యి లో... లోపలికి పోతోంది. ఆపేశా."

ఈసారి విరామం అడిగింది గార్‌ఫిట్. సూపర్‌వైజర్‌నూ హేజెల్‌నూ విడివిడిగా విచారించి, గంట తర్వాత వచ్చి, చర్యేమీ లేదని ముక్తసరిగా చెప్పాడు. అంతటితో ఊరుకోక, తలుపు తీస్తూ, ఇంకోసారి ఇలా జరిగితే ముందు అనుమతి అడుగుతావా అన్నాడు.

రస్సెల్ బెరిల్ వైపు చూడలేదు. అతని మాట బయటపడేదాకా గార్‌ఫిట్ తలుపు పట్టుకుని నిలబడాల్సి వచ్చింది.

"అ... అడగను. ముందు నొ... నొక్కుతా."